పాత సామాన్ల షాపులో ఎవరివో ఫ్యామిలీ ఫొటోలు దొరికితే వాళ్లవాళ్లకి చేర్చడం ఎలా

పాత సామాన్ల షాపుల్లో పుస్తకాల ర్యాక్ కిందో, విరిగిన గడియారాల పక్కనో ఒక డబ్బా ఉంటుంది, నిండా ఎవరివో ఫొటోలు. పెళ్లిళ్లు, చంటిపిల్లలు, గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు. ఒకటి చేతిలోకి తీసుకుంటే మళ్లీ ఆ డబ్బాలో పడేయబుద్ధి కాదు. అలా కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు మీలో కూడా ఉండే ఉంటారు. ఆ మనుషులెవరో ఎలా కనుక్కోవాలి, ఎంతవరకు వెతకాలి, ఎక్కడ ఆగిపోవాలి అనేది నేను చేసిన ఒక కేసు పట్టుకుని చెప్తాను, ఎందుకంటే నేను మొదట్లో చేసిన తప్పు మీరు చేయకూడదు.

1. షాపులో ఉండగానే

నాకు కనిపించింది ఒక చెప్పుల డబ్బా. పైనే ఉన్న ఫొటో నన్ను పట్టేసింది, ఒకావిడ సైకిల్ పట్టుకుని గేటు ముందు నిలబడి ఉంది, ఎవరో పిలిస్తే అప్పుడే తిరిగినట్టు. అది ఒక్కటే కొనుక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చి వెనక తిప్పి చూస్తే "అమ్మ" అని ఒక్క మాట రాసుంది, అంతే. ఎవరి అమ్మ? దానికి జవాబు మిగతా ఫొటోల్లో ఉంటుందని అప్పుడు తట్టింది. నాలుగు రోజుల తర్వాత వెళ్తే డబ్బా ఇంకా ఉంది గానీ కొన్ని అప్పటికే అమ్ముడైపోయాయి, మిగిలినవి 30. షాపాయనకి గుర్తున్నంతలో ఒక పెళ్లి ఫొటో, ఇంకో రెండు మూడు పోయాయట.

కాబట్టి మొదటి మాట ఇదే, కొంటే మొత్తం కట్ట కొనండి, లేకపోతే అసలు ముట్టుకోకండి. విడిగా ఒక ఫొటో ఎప్పుడూ ఎవరిదో తెలీని ఫొటోనే, అదే పక్కన ఇంకో ముప్పై ఉంటే ఒక ఇల్లు కనిపిస్తుంది. కొనే స్తోమత లేకపోతే విడదీసి అమ్మొద్దని షాపాయన్ని అడగండి, కొందరు వింటారు. డబ్బాతో పాటు ఉన్న చిత్తు కాగితాలు, ఖాళీ కవర్లు, ఫొటో ల్యాబ్ వాళ్లిచ్చిన పాత కవర్లు, నెగటివ్‌ల పౌచ్‌లు, అన్నీ తెచ్చేసుకోండి.

ల్యాబ్ కవర్ ఎంత పని చేస్తుందో చెప్పడానికి అమెరికన్ ఫొటోగ్రాఫర్ వివియన్ మయర్ సంగతి చాలు. 2007లో షికాగోలో ఆవిడ అద్దె కట్టలేకపోయిన స్టోరేజ్ లాకర్లలోని సామాన్లు వేలంలో పోయాయి, వేల కొద్దీ నెగటివ్‌లు వేరే వేరే వాళ్లు కొనుక్కున్నారు. కొన్నవాళ్లలో ఒకతనికి ఒక ల్యాబ్ కవర్ మీద ఆవిడ పేరు దొరికింది, 2009లో ఆ పేరు నెట్‌లో వెతికితే ఆవిడ అంతకు కొద్ది రోజుల ముందే చనిపోయినట్టు పేపర్లో వేసిన ప్రకటన వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ నెగటివ్‌లు వేలంలో అమ్ముడవుతున్నప్పుడు ఆవిడ బతికే ఉంది. షాపుకి వచ్చింది కదా, ఆ మనిషి పోయుంటారులే అని మనం అనేసుకుంటాం, అది ఊహ మాత్రమే. ఇల్లు మారేటప్పుడు పొరపాటున పోయుండొచ్చు, హాస్టల్‌లో వదిలేసుండొచ్చు, వృద్ధాశ్రమానికి వెళ్తూ పిల్లలకి చెప్పకుండా ఇచ్చేసుండొచ్చు.

షాపాయన్ని ఇంకో రెండు విషయాలు అడగండి. ఇవి ఒకే ఇంటి నుంచి వచ్చాయా, ఎప్పుడొచ్చాయి. ఇచ్చినవాళ్ల పేరు, అడ్రసు మాత్రం అడగొద్దు, అది ఆయన మీకు చెప్పాల్సింది కాదు. దానికి బదులు మీ నంబర్ ఒక కాగితం మీద రాసిచ్చి "వాళ్లు ఎప్పుడైనా వస్తే, లేదా మీకు ఫోన్ చేస్తే ఇది ఇవ్వండి" అనండి. చాలాసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది కూడా.

2. ఇంటికొచ్చాక, ఏదీ తుడవకుండా

దొరికిన వరస చెడగొట్టకుండా పై నుంచి కింద వరకు నంబర్లు వేసుకోండి. నంబర్ ఫొటో మీద వద్దు, ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టి ఆ కవర్ మీద వేయండి. ఫొటో వెనకే రాయాల్సి వస్తే మెత్తని పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా. పెన్ను వద్దు, ఇంకు కొన్నాళ్లకి ముందువైపుకి దిగుతుంది, బాల్‌పెన్ నొక్కితే ముందు ముఖాల మీద గీత లేస్తుంది. సెల్లో టేపు, జిగురు స్టిక్కర్లు అసలు దగ్గరికి రానివ్వొద్దు.

స్కాన్ రెండు వైపులా చేయండి, 600 డీపీఐ సరిపోతుంది. ఖాళీగా కనిపించినా సరే వెనకవైపు కూడా చేయాలి. ఆల్బమ్ అయితే ముందు పేజీ మొత్తం స్కాన్ చేయండి, ఫొటో ఊడిపోయిన ఖాళీ జాగాలతో సహా, ఎందుకంటే ఖాళీ కింద రాసిన పేరు కూడా సాక్ష్యమే. జిగురుతో అంటించినవి వెనక ఏముందో చూద్దామని పీకకండి, వెనక పొర ఆల్బమ్‌కి అంటుకుని రాత అక్కడే ఉండిపోతుంది, ఫొటో ఇక్కడ చిరిగిపోతుంది, రెండూ పోతాయి.

పెన్సిల్ రాత చెరిగిపోయినట్టుంటే గది చీకటి చేసి ఫోన్ టార్చ్‌ని ఫొటోకి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి కొట్టండి. ఎదురుగా కొడితే ఏమీ కనిపించదు, పక్కనుంచి వేస్తే పెన్సిల్ నొక్కిన గుంటల్లో నీడ పడి అక్షరాలు పైకి తేలతాయి. నా డబ్బాలో 14వ నంబర్ ఫొటో వెనక ఖాళీ అనుకున్నాను, ఇలా చూస్తే "కొత్త ఇల్లు, చెల్లి తీసింది" అని వచ్చింది.

3. ఎప్పటివో లెక్క కట్టుకోవడం

ఇక్కడ జనం ముందు బట్టలు, జుట్టు చూసి సంవత్సరం చెప్పేస్తారు, నేను దాన్ని ఆఖర్న పెట్టుకుంటాను. పెద్దవాళ్లు పదేళ్ల కిందటి బట్టలు వేసుకోవడం మామూలే. కాగితం ఇంకొంచెం నమ్మకంగా చెప్తుంది.

అట్టకి అంటించిన చాలా పాత స్టూడియో ఫొటోలైతే సైజు చూడండి. సుమారు రెండున్నర అంగుళాలు బై నాలుగు ఉన్న చిన్న అట్టలు కార్ట్ ద విజిట్ అనేవి, 1854లో ప్యారిస్‌లో పేటెంట్ అయ్యాయి, 1860ల్లో బాగా నడిచాయి. నాలుగుంబావు బై ఆరున్నర ఉంటే క్యాబినెట్ కార్డు, కొంచెం తర్వాతది. వీటిలో ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు బతికి ఉండరు కాబట్టి పేరు దొరికితే గోప్యత బెంగ తక్కువ, వంశవృక్షాలు కట్టుకునేవాళ్ల సైట్లలో నేరుగా పెట్టొచ్చు. ఈ పోస్టులో నేను చెప్పేది మాత్రం ముఖ్యంగా ఆ తర్వాతి వాటి గురించి, అంటే ఇంకా బతికున్నవాళ్లు ఉండే అవకాశం ఉన్నవాటి గురించి.

కొన్ని ప్రింట్ల తెల్ల అంచు మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. అది ల్యాబ్ కడిగిన నెల, ఫొటో తీసిన నెల కాదు. రోల్ కెమెరాలో ఏడాది పాటు ఉండిపోవడం అప్పట్లో వింతేం కాదు. చెట్టు నిండా పూలున్న ఫొటో మీద చలికాలం నెల ఉంటే కంగారు పడక్కర్లేదు.

ఇంకోటి, నోట్లు చెక్ చేసే యూవీ టార్చ్. చీకట్లో దాన్ని ఫొటో అంచు మీద కొట్టండి. కాగితం నీలంగా ధగధగ మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపే బ్రైటనర్ ఉందన్నమాట, అది 1950ల నుంచి ఫొటో కాగితాల్లోకి వచ్చింది. మెరవకపోతే పాతదని మాత్రం అనుకోవద్దు, తర్వాత కాలంలో కూడా అది కలపని కాగితాలు ఉన్నాయి. నా దగ్గర 6వ నంబర్ వెనక 1941 అని రాసుంది, టార్చ్ కొడితే బాగా మెరిసింది. అంటే రాసినవాళ్లు అబద్ధం రాశారని కాదు, పాత ఫొటోకి తర్వాత ఎవరో కాపీ తీయించి ఉండొచ్చు. అలాగైతే అసలుది ఇంకో ఇంట్లో ఉండొచ్చు, ఆ కుటుంబానికి ఇంకో శాఖ కూడా ఉండొచ్చు.

4. వెనక రాసిన వరసలు చదవడం

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. వెనక పేర్లు లేవు అని నిరాశ పడతాం గానీ అమ్మ, అత్త, చిన్నాన్న అనే మాటలు పేర్ల కంటే ఎక్కువ చెప్తాయి, ఎందుకంటే అవి ఫొటోలో ఉన్న మనిషి గురించే కాదు, రాసిన మనిషి గురించి కూడా చెప్తాయి.

సైకిల్ ఆవిడ వెనక "అమ్మ" అని గుండ్రటి అక్షరాలు, ఇంకు పెన్నుతో. 22వ నంబర్‌లో అదే ఆవిడ, జుట్టు తెల్లబడింది, వెనక "అమ్మమ్మ, పాత ఇంట్లో" అని ఉంది, కానీ ఇది బాల్‌పెన్ను, అక్షరాలు కుడివైపుకి వాలి ఉన్నాయి. అంటే ఈ డబ్బా ఇద్దరి చేతుల్లోంచి వచ్చింది, ముందు ఆవిడ కూతురు, తర్వాత ఆ కూతురి బిడ్డ. అమ్మమ్మ అంది కాబట్టి కొడుకు వైపు కాదు. ఒక కాగితం మీద మూడు గడులు గీసుకుని ఒక్కో ఫొటో నంబర్ ఏ చేతిరాతదో రాసుకుంటూ పోతే, గుండ్రటి రాతవి 17, వాలు రాతవి 5, మిగతావి ఖాళీ అని తేలింది.

ఇద్దరూ ఒకే ఆవిడ అని ఎలా అనుకున్నాను అంటే, చెవి చూసి. వయసుతో ముఖం జారుతుంది గానీ చెవి లోపలి మడతల ఆకారం పెద్దగా మారదు. అయినా దీన్నే రుజువు అనుకోకండి, అక్కచెల్లెళ్లకి ఒకేలాంటి చెవులుంటాయి. పైగా నెగటివ్ తిరగేసి ప్రింట్ వేస్తే ఎడమ చెవి కుడి చెవిలా కనిపిస్తుంది, అందుకే ముందు ఫొటోలో ఏదైనా బోర్డు అక్షరాలో, చొక్కా గుండీలో చూసి ఫొటో తిరగబడలేదని ఖాయం చేసుకోండి.

అసలు డబ్బా యజమాని ఫొటోల్లో తక్కువగా కనిపిస్తారు, ఎందుకంటే కెమెరా వాళ్ల చేతిలో ఉంటుంది. కింద నేల మీద పడిన నీడ చూడండి. నా డబ్బాలో నాలుగింటిలో ఒకే నీడ ఉంది, మోచేతులు రెండువైపులా బయటికి పెట్టి నడుం దగ్గర కెమెరా పట్టుకున్న మనిషి. ఆ గుండ్రటి రాత ఆవిడ ముఖం నేను చూసింది రెండు ఫొటోల్లోనే, నీడ మాత్రం నాలుగింటిలో.

5. పేరు దాకా వెళ్లే ముందు ఆగాల్సిన చోటు

9వ నంబర్ స్కూల్ ఫొటో. ముందు వరసలో పిల్లాడి చేతిలో పలక, దాని మీద 5వ తరగతి, 1968, స్కూల్ పేరు. అందులో ఒక పాప చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టారు. ఐదో తరగతి అంటే పదేళ్లు, అంటే 1958 ప్రాంతంలో పుట్టి ఉంటుంది, అంటే ఇప్పుడు ఆవిడ హాయిగా బతికే ఉండొచ్చు. ఆ లెక్క వేశాక నేను చేయగలిగిన పనుల్లో సగం చేయకూడనివైపోయాయి.

ముఖం పెట్టి మనిషిని వెతికిచ్చే సైట్లలో ఈ ఫొటో వేయకూడదు. ఒకటి, పాత ఫొటోలకి అవి తప్పు మనుషుల్ని చూపిస్తాయి, సంబంధం లేనివాళ్ల గుమ్మం మీరు తొక్కుతారు. రెండు, ఆవిడ ఒప్పుకోకుండా ఆవిడ ముఖాన్ని ఒక కంపెనీకి అప్పగించినట్టవుతుంది. సోషల్ మీడియాలో "ఈ పాప ఎవరో కనుక్కోండి, షేర్ చేయండి" అని పెట్టడం కూడా అంతే. దొరికినప్పుడు బాగానే ఉంటుంది, కానీ కామెంట్లలో ఎవరో పూర్తి పేరు, ఉన్న ఊరు, చేసే ఉద్యోగం అన్నీ రాసేస్తారు, మీరు తీసేసినా స్క్రీన్‌షాట్లు తిరుగుతూనే ఉంటాయి. ఆవిడ ఎవరి నుంచైనా దూరంగా బతుకుతూ ఉంటే? అది మనకి ఫొటోలో కనిపించదు.

నేను పెట్టుకున్న హద్దు ఏంటంటే, గత వందేళ్లలో పుట్టినవాళ్ల ముఖాలు బయట పెట్టను, బిల్డింగు, స్టూడియో ముద్ర, పలక మీద అక్షరాలు ఇలాంటివి మాత్రం ముఖాలు కత్తిరించి పెట్టి అడుగుతాను. ఆస్పత్రి మంచం, శవం, స్నానం చేస్తున్న పిల్లలు, దెబ్బలు, ఇలాంటివి ఉంటే ఎవరికీ చూపించను, విడి కవర్లో పెట్టేస్తాను.

6. మధ్యలో ఒక మనిషిని పెట్టుకుని అడగడం

పాత టెలిఫోన్ డైరెక్టరీలు, డిజిటల్ చేసిన పాత పేపర్లు, శ్రద్ధాంజలి ప్రకటనలు, ఇవన్నీ మామూలు దారులు. శ్రద్ధాంజలి ప్రకటన బాగా పనికొస్తుంది, కింద బతికున్న కొడుకులు కూతుళ్ల పేర్లు ఉంటాయి కాబట్టి. స్టూడియో ముద్ర ఉంటే ఆ స్టూడియో ఆ అడ్రసులో ఏ సంవత్సరాల్లో ఉందో డైరెక్టరీలో చూస్తే ఫొటో కాలం కూడా బిగుస్తుంది.

నాకు స్కూల్ దొరికింది కాబట్టి వాళ్లకి రాశాను. పేరు చెప్పండి అని అడగలేదు. "1968 ఐదో తరగతి గ్రూప్ ఫొటో నా దగ్గర ఉంది, మీ పాత విద్యార్థుల సంఘంలో ఆ బ్యాచ్ వాళ్లుంటే ఈ ఉత్తరం వాళ్లకి పంపించండి, నాకు ఎవరి వివరాలూ అక్కర్లేదు" అని రాశాను. ఇలా అడిగితే ఆఫీసువాళ్లకి కూడా ఇబ్బంది ఉండదు, వాళ్లు ఇవ్వకూడనిది ఏదీ ఇవ్వక్కర్లేదు కదా. ల్యాబ్ కవర్ మీద నాకు దొరికిన ఇంటిపేరు మాత్రం ఉత్తరంలో రాయలేదు, ఎందుకో కింద చెప్తాను.

లోపల పెట్టిన ఉత్తరం దాదాపు ఇది:

"నమస్కారం అండి. ఒక పాత సామాన్ల షాపులో నాకు కొన్ని కుటుంబ ఫొటోలు దొరికాయి. వాటిలో 1968 నాటి స్కూల్ ఫొటో ఒకటి ఉంది. అవి మీ కుటుంబానివి అయ్యుండొచ్చని అనుకుంటున్నాను, కాకపోయుండొచ్చు కూడా. కావాలంటే అన్నీ పంపిస్తాను, డబ్బులేమీ వద్దు. వద్దనుకుంటే జవాబు ఇవ్వక్కర్లేదు, నేను మళ్లీ రాయను, ఎవరికీ చూపించను. మీవే అనుకుంటే మీకు గుర్తున్న ఒకటి రెండు ఫొటోల గురించి చెప్పండి."

"మళ్లీ రాయను" అన్న మాట నిలబెట్టుకోవాలి. జవాబు రాకపోతే అదే జవాబు. కావాలనే వదిలేసిన ఫొటోలు కూడా ఉంటాయి, కొట్టిన తండ్రి ఫొటో ఎవరికీ తిరిగి అక్కర్లేదు. అందుకే మొదటి ఉత్తరంలో ఫొటోలు కూడా పెట్టొద్దు, కవర్ తెరవగానే ఆ ముఖం ఎదురుపడకూడదు.

7. నిజంగా వాళ్లవేనా

ఏడు వారాల తర్వాత ఒకావిడ ఫోన్ చేసింది, సున్నా చుట్టిన పాప తనే అంది. ఇలాంటప్పుడు సంతోషంలో మనమే అన్నీ చెప్పేస్తాం, "గేటు, సైకిల్ ఉంది కదా, అవును కదా" అని, ఇక వాళ్లు ఊ అనడమే మిగులుతుంది. అలా కాకుండా వాళ్లని చెప్పనివ్వండి. నేను "మీకు ఏ ఫొటోలు గుర్తున్నాయండీ" అన్నాను. కాసేపాగి "అమ్మమ్మ సైకిల్‌తో ఉన్నది ఒకటి ఉండాలి, అమ్మ తీసింది, అమ్మే వెనక రాసింది" అంది. ఇంటిపేరు అడిగితే ల్యాబ్ కవర్ మీదదే చెప్పింది. దాచిపెట్టుకున్న రెండు గుర్తులూ, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, కలిశాయి. ఒక్కటే కలిస్తే నేను పంపను.

ఇద్దరు బంధువులు ముందుకొస్తే స్కాన్లు ఇద్దరికీ ఇవ్వండి, అసలు ఫొటోలు ఎవరికో వాళ్లే తేల్చుకోవాలి, మనం తీర్పు చెప్పక్కర్లేదు. పంపేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో, ట్రాకింగ్ ఉన్న పోస్టులో. మీ దగ్గరున్న స్కాన్లు ఉంచాలా చెరిపేయాలా అని అడగండి, చెరిపేయమంటే చెరిపేయండి.

ఎవరూ దొరకకపోతే మొత్తం కట్టని మీ నోట్స్‌తో సహా ఆ ఫొటోల్లో ఉన్న ప్రాంతపు ఆర్కైవ్‌కో మ్యూజియానికో ఇస్తామని అడగొచ్చు, పాత కాలంవైతే డెడ్‌ఫ్రెడ్ లాంటి పాత కుటుంబ ఫొటోల సైట్‌లో ఇంటిపేరుతో పెట్టొచ్చు. కట్ట మాత్రం విడదీయొద్దు. ఇంకోటి, కాగితం మీరు కొన్నారు గానీ కాపీరైట్ కొనలేదు, అది సాధారణంగా తీసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. వివియన్ మయర్ నెగటివ్‌లు కొన్నవాళ్లు ప్రింట్లు అమ్మాక 2014లో సరిగ్గా ఈ విషయం మీదే కోర్టు గొడవ మొదలైంది. పుస్తకం కవర్‌కో పోస్టర్‌కో వాడుకుందాం అనుకునేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ఆవిడ పార్సెల్ అందిన రోజు మళ్లీ ఫోన్ చేసింది. 31 ఒక్కొక్కటీ చూసుకుంటూ మాట్లాడింది, నీడ గురించి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "అండీ, ఇందులో అమ్మ పెళ్లి ఫొటో ఉండాలి, కనబడట్లేదు" అని. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ డబ్బాలో ఉండే ఉంటుంది, నాలుగు రోజుల తర్వాత లేదు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. కొన్నవాళ్లు మళ్లీ వస్తే ఇవ్వమని షాపాయన దగ్గర ఒక ఉత్తరం పెట్టాను, ఇప్పటికీ నెలకోసారి వెళ్లి అడుగుతున్నాను.